ముఖం ఒక్కటే అబద్ధమా, ముఖం ఒక్కటే నిజమా?

2023 నవంబరు మొదటి వారంలో నటి రష్మిక మందన్న పేరుతో ఒక చిన్న వీడియో ఫోన్లన్నీ చుట్టేసింది. నల్ల దుస్తుల్లో ఒక అమ్మాయి నవ్వుతూ లిఫ్టులోకి అడుగుపెడుతుంది, అంతే. ఆ లిఫ్టు, ఆ నడక, ఆ శరీరం అన్నీ బ్రిటన్‌లో ఉంటున్న భారత సంతతి యువతివి. అంతకు ముందు నెలలో ఆమె తన ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకున్న వీడియో అది. ముఖం మాత్రం రష్మికది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు ఈ కేసులో గుంటూరు నుంచి ఒక యువ ఇంజనీరును అరెస్టు చేశారు. రష్మిక పేరుతో నడుపుతున్న అభిమానుల పేజీకి ఫాలోవర్లను పెంచుకోవడానికే ఈ పని చేశాడని వాళ్లు చెప్పారు.

ఆ వీడియోలో అన్నిటికన్నా గమనించాల్సింది మొదటి సెకను. ఆమె లిఫ్టులోకి వస్తున్న ఆ క్షణంలో అసలు యువతి ముఖమే కనిపిస్తుంది. మరుక్షణం అది రష్మిక ముఖమైపోతుంది. నిదానంగా ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూసినవాళ్లు దీన్ని పట్టుకున్నారు. చేసినవాడి అజాగ్రత్త అని కొట్టిపారేయవచ్చు గానీ, అది ఆ పద్ధతిలోనే ఉన్న లోపం. అది ఎందుకు వస్తుందో తెలిస్తే ముఖమార్పిడి మొత్తం అర్థమవుతుంది. ఇప్పుడు దాని పక్కనే పెరుగుతున్న డిఫ్యూజన్ పద్ధతిలో ఆ లోపం ఎందుకు దొరకదో కూడా తెలుస్తుంది.

జనం రెండింటినీ కలిపి డీప్‌ఫేక్ అనేస్తున్నారు. నా లెక్కలో ఇవి రెండు వేర్వేరు అబద్ధాలు. ముఖమార్పిడిలో జరిగిన సంఘటన నిజం, ముఖం అబద్ధం. డిఫ్యూజన్‌లో సంఘటన మొత్తం అబద్ధం, నిజమనదగ్గది ఏమైనా ఉంటే ముఖం పోలిక ఒక్కటే. మొదటిదాన్ని వెతికే దారిలో రెండోదాన్ని వెతికితే దొరకదు.

ముందు ముఖమార్పిడి సంగతి. వీడియో అంటే సెకనుకు 25, 30 బొమ్మలు. సాఫ్ట్‌వేర్ ఆ బొమ్మలను ఒక్కొక్కటిగా తీసుకుని ప్రతిదానికీ ఒకటే పని మొదటినుంచి చేస్తుంది. నిమిషం వీడియో అయితే కనీసం 1,500 సార్లు. 2023లో రూప్ అనే ఉచిత ప్రోగ్రాం వచ్చాక ఈ పని మామూలు కంప్యూటర్ ఉన్న ఎవరికైనా అందుబాటులోకి వచ్చింది. దాని లోపల నడిచేవి ఇన్‌సైట్‌ఫేస్ అనే బృందం పరిశోధన అవసరాలకని విడుదల చేసిన మోడళ్లు. తర్వాత వచ్చిన చాలా ప్రోగ్రాములు కూడా వాటి మీదే ఆధారపడ్డాయి కాబట్టి వాటినే ఉదాహరణగా తీసుకుందాం.

బొమ్మ రాగానే అడిగే మొదటి ప్రశ్న: ఇందులో ముఖం ఉందా, ఎక్కడుంది? దీన్నే డిటెక్షన్ అంటారు. ఈ పని చేసే మోడల్ ముఖం చుట్టూ ఒక దీర్ఘచతురస్రం గీసి, తనకు ఎంత నమ్మకముందో సున్నా నుంచి ఒకటి మధ్య ఒక అంకె ఇస్తుంది. దాంతోపాటు ఐదు చుక్కలు పెడుతుంది: రెండు కళ్లు, ముక్కు కొన, పెదాల రెండు చివరలు. నమ్మకం అంకె 0.5 కన్నా తగ్గితే అక్కడ ముఖం లేనట్టే లెక్క. ఆ ఫ్రేమ్ ముట్టుకోకుండా వదిలేస్తుంది. వదిలేసిన ఫ్రేమ్‌లో ఏముంటుంది? అసలు మనిషి ముఖమే. మనిషి పక్కకు తిరిగినా, ముఖం తలుపు చాటున సగమే కనిపించినా, వేగంగా కదిలి బొమ్మ మసకబారినా ఈ ప్రమాదం ఉంటుంది. లిఫ్టు వీడియో మొదటి సెకనులో కనిపించిన లోపం సరిగ్గా ఈ రకానిదే.

ముఖం దొరికాక దాన్ని నిటారుగా నిలబెట్టాలి. దీన్ని అలైన్‌మెంట్ అంటారు. మనిషి తల వంచి ఉండవచ్చు, దూరంగా ఉండవచ్చు, ఫ్రేమ్‌లో ఓ మూల ఉండవచ్చు. మార్పిడి చేసే మోడల్‌కి మాత్రం ముఖం ఎప్పుడూ ఒకే కొలతలో, ఒకే చోట కావాలి. అందుకు ఒక అచ్చు ఉంది. 112 పిక్సెళ్ల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న చతురస్రంలో ఆ ఐదు చుక్కలూ ఎక్కడెక్కడ ఉండాలో ముందే రాసి పెట్టుకున్నారు. ఆ అచ్చులో రెండు కళ్ల మధ్య దూరం సుమారు 35 పిక్సెళ్లు. ఫ్రేమ్‌లోని ఐదు చుక్కలు ఈ ఐదు చోట్లకు వీలైనంత దగ్గరగా వచ్చేట్టు బొమ్మను తిప్పి, చిన్నది చేసి, జరుపుతారు. సాగదీయడం మాత్రం ఉండదు, సాగదీస్తే ముఖం ఆకారమే మారిపోతుంది.

ఇక ఎవరి ముఖం తెచ్చి పెట్టాలో ఆ మనిషి ఫొటో. అందరూ అనుకునేట్టు ఆ ఫొటోలోని ముఖాన్ని కత్తిరించి ఇక్కడ అతికించరు. ఆ ఫొటోను ఆర్క్‌ఫేస్ అనే మోడల్‌కి ఇస్తారు. లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 2018లో ప్రకటించిన పద్ధతి ఇది. అసలు ఉద్దేశం ముఖం చూసి మనిషిని గుర్తుపట్టడం. ముఖాన్ని చూసి అది 512 అంకెల వరుస ఒకటి ఇస్తుంది. దీన్నే ఎంబెడింగ్ అంటారు. ఒకే మనిషివి పది ఫొటోలు ఇస్తే పది వరుసలూ దగ్గరదగ్గరగా ఉంటాయి, వేరే మనిషిది ఇస్తే దూరంగా ఉంటుంది. ఫలానా అంకె ముక్కుది, ఫలానాది గడ్డానిది అని విడదీసి చెప్పడానికి వీల్లేదు. లక్షల ముఖాలను చూసి, మనిషికీ మనిషికీ తేడా ఎక్కడుందో అది తనంతట తాను నేర్చుకున్న లెక్క అది.

ఇప్పుడు అసలు మార్పిడి. inswapper_128 అనే మోడల్‌కి రెండూ ఇస్తారు: నిటారుగా నిలబెట్టిన ముఖం ముక్క, ఆ 512 అంకెలు. ఆ ముక్కలోని నవ్వు, చూపు, వెలుతురు అలాగే ఉంచి, పోలిక మాత్రం అంకెల్లోని మనిషిది వచ్చేట్టు కొత్త ముక్క గీసి ఇస్తుంది. పేరు చివర ఉన్న 128 ఆ ముక్క కొలత. నూట ఇరవై ఎనిమిది పిక్సెళ్ల వెడల్పు, అంతే ఎత్తు. అంతకన్నా ఎక్కువ వివరం గీయడం దానికి రాదు.

ఈ 128 వల్ల ఏమవుతుందో ఒక లెక్క వేసి చూద్దాం. పూర్తి హెచ్‌డీ వీడియోలో ఒక మనిషి దగ్గరగా కనిపిస్తోంది, కళ్ల మధ్య దూరం 140 పిక్సెళ్లు ఉందనుకోండి. అచ్చులో ఆ దూరం 35. కాబట్టి ముఖాన్ని నాలుగో వంతుకు తగ్గించి మోడల్‌కి ఇవ్వాలి. గీసిన ముక్కను తిరిగి నాలుగు రెట్లు పెంచి ఫ్రేమ్‌లో పెట్టాలి. అంటే 128 పిక్సెళ్ల ముక్క దాదాపు 512 పిక్సెళ్ల మేర పరుచుకుంటుంది. మోడల్ గీసిన ఒక్క పిక్సెల్ పదహారు పిక్సెళ్ల జాగాను నింపాలి. మెడ మీద చర్మపు రంధ్రాలు, చెవి దగ్గర వెంట్రుకలు స్పష్టంగా కనిపిస్తుంటే, బుగ్గలు మాత్రం మైనం పూసినట్టు నున్నగా ఉండేది అందుకే. దీన్ని కప్పిపుచ్చడానికి జీఎఫ్‌పీ‌గ్యాన్, కోడ్‌ఫార్మర్ లాంటి మరమ్మతు మోడళ్లను పైన నడుపుతారు. అవి చర్మానికి, కనురెప్పలకు పదును తెస్తాయి. కానీ అవి తెచ్చే వివరం ఆ మనిషిది కాదు, ముఖాలన్నిటికీ సరిపోయే వివరం. అందుకే అలాంటి వీడియోల్లో అందరి కళ్లూ ఒకే మెరుపు మెరుస్తాయి.

కొత్త ముక్కను వెనక్కి పెట్టే పని బ్లెండింగ్. మొత్తంలో నైపుణ్యమూ, గుట్టు బయటపడే చోటూ ఇదే. చతురస్రాన్ని అలాగే పెడితే అంచులు ఇట్టే తెలిసిపోతాయి. అందుకని ముక్క ఆకారంలో ఒక తెల్లటి ముసుగు తయారుచేసి, దాని అంచులను లోపలికి అరగదీసి, తర్వాత మసకబారుస్తారు. ముసుగు పూర్తిగా తెల్లగా ఉన్నచోట కొత్త ముఖం, నల్లగా ఉన్నచోట పాత ఫ్రేమ్, మధ్యలో బూడిదరంగు పట్టీలో రెండింటి మిశ్రమం. మన ఉదాహరణలో అంచు చుట్టూ కొన్ని పదుల పిక్సెళ్ల వెడల్పున ఈ మిశ్రమపు పట్టీ ఉంటుంది. నుదురు పైభాగం, చెంపల అంచులు, గడ్డం కింద.

దీన్నిబట్టి ఏది ఎవరిదో తెలిసిపోతుంది. జుట్టు, చెవులు, మెడ, తల ఆకారం అన్నీ అసలు మనిషివే. కనుబొమల నుంచి గడ్డం దాకా మాత్రమే కొత్తది. సన్నటి ముఖం ఉన్న మనిషి పోలికను గుండ్రటి తల మీద పెడితే, పోలిక కుదిరినట్టే ఉంటుంది, మనిషి మాత్రం కుదరడు. మన ఆడవాళ్ల ముఖాల్లో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. బొట్టు, ముక్కుపుడక రెండూ సరిగ్గా ఆ ముక్క మధ్యలో పడతాయి. 128 పిక్సెళ్లలో ముక్కుపుడక ఒకటి రెండు పిక్సెళ్లకు మించదు. ఒక ఫ్రేమ్‌లో ఉండి, తర్వాతి ఫ్రేమ్‌లో చర్మంలో కలిసిపోయి, మళ్లీ ప్రత్యక్షమయ్యే అవకాశం ఎక్కువ. అలాగే చెయ్యి ముఖం మీదుగా కదిలినప్పుడు. అడ్డం వచ్చినవాటికి వేరే ముసుగు వేయని ప్రోగ్రాం అయితే వేళ్ల మీద కూడా బుగ్గ గీసేస్తుంది. వీడియో కాల్‌లో అనుమానం వస్తే ఎదుటివాళ్లను పూర్తిగా పక్కకు తిరగమనడం, ముఖం ముందు చెయ్యి ఆడించమనడం ఇందుకే. పక్కకు తిరిగితే ఒక కన్ను, పెదాల ఒక చివర కనుమరుగై ఐదు చుక్కల లెక్క తప్పుతుంది. కొత్త ప్రోగ్రాములు ఈ పరీక్షను కొంతవరకు తట్టుకుంటున్నాయి కాబట్టి, పరీక్ష తప్పితే మోసం అనుకోవచ్చు గానీ, నెగ్గితే నిజమని రాసివ్వలేం.

డిఫ్యూజన్ పద్ధతి దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ ఫ్రేమ్ లేదు, వీడియో లేదు, అతికించడానికి పాత బొమ్మే లేదు. మొదలయ్యేది యాదృచ్ఛికంగా చల్లిన చుక్కల గోలతో. ఈ గోలలో ఎంత భాగం గోలో ఊహించి, కొంచెం తీసేసి, మిగిలినదాన్ని మళ్లీ చూసి, మళ్లీ కొంచెం తీసేస్తుంది మోడల్. సాధారణంగా 30 అంచెల్లో బొమ్మ తేలుతుంది. ఏ బొమ్మ తేలాలో చెప్పేది మనం రాసిన మాటలు. ప్రతి అంచెలోనూ బొమ్మలోని ఒక్కో భాగం ఆ మాటల వైపు చూసి, తనకు ఏ మాట వర్తిస్తుందో తేల్చుకుంటుంది.

మాటలతో ‘చీర కట్టుకున్న ముప్పై ఏళ్ల మహిళ’ అని చెప్పవచ్చు. ఫలానా మహిళ అని ఎలా చెప్పాలి? 2022లో గూగుల్ పరిశోధకుల డ్రీమ్‌బూత్ పద్ధతిలో ఒక మనిషివి నాలుగైదు ఫొటోలు పెట్టి మోడల్‌కే మళ్లీ శిక్షణ ఇవ్వాల్సి వచ్చేది. 2023 ఆగస్టులో టెన్సెంట్ పరిశోధకులు ఐపీ-అడాప్టర్ అనే చిన్న జోడింపు తెచ్చారు. పెద్ద మోడల్‌ను ముట్టుకోకుండా, మాటల పక్కన బొమ్మ నుంచి వచ్చిన సంకేతాలను కూడా చూసేట్టు చేస్తుంది అది. అదే ఏడాది చివర వచ్చిన దాని ముఖాల రూపం సంకేతాలను ఎక్కడినుంచి తెచ్చుకుందో చూడండి: ఇన్‌సైట్‌ఫేస్ ఇచ్చే అదే ముఖపు ఎంబెడింగ్ నుంచి. ముఖమార్పిడిలో వాడిన అంకెల వరుసే ఇక్కడా. 2024 జనవరిలో వచ్చిన ఇన్‌స్టంట్ఐడీ ఇంకో అడుగు వేసి, ఆ ఐదు చుక్కలను కూడా వాడుకుంది. అక్కడ ముఖాన్ని కోసి తేవడానికి పనికొచ్చిన చుక్కలు, ఇక్కడ ఖాళీ బొమ్మలో ముఖం ఎక్కడ రావాలో చెప్పడానికి పనికొస్తాయి. ఒక్క ఫొటో చాలు, శిక్షణ అక్కర్లేదు.

ముడిసరుకు ఒకటే, ఫలితం వేరు. ఇక్కడ తల, జుట్టు, మెడ, చీర, వెనకున్న గోడ, ఆ గోడ మీద పడే నీడ అన్నీ ఒకే చేత్తో, ఒకేసారి గీసినవి. కాబట్టి అతుకు లేదు. చర్మం రంగు ముఖానికీ మెడకూ ఒకటే. వెలుతురు ఒకటే. ముఖమార్పిడిలో వెతికిన లోపాలేవీ ఇక్కడ ఉండవు. బదులుగా పోలికలోనే లోపం ఉంటుంది.

ఎందుకంటే ఆ 512 అంకెలు మనిషిని గుర్తుపట్టడానికి పుట్టాయి, గీయడానికి కాదు. గుర్తుపట్టే యంత్రం వెలుతురు మారినా, గడ్డం పెంచినా, ఫొటో అద్దంలోలా తిరగబడినా ‘అదే మనిషి’ అనాలి. అందుకని శిక్షణలోనే వాటిని పట్టించుకోవద్దని నేర్పుతారు. ఎడమ కుడులను తిప్పేసిన ఫొటోలు కూడా చూపించి నేర్పడం మామూలు. పర్యవసానం ఏమిటంటే, ఎడమ బుగ్గ మీది పుట్టుమచ్చ ఈ అంకెల్లో నిలవదనే చెప్పాలి. డిఫ్యూజన్ గీసిన బొమ్మలో అది లేకపోవచ్చు, కుడి బుగ్గ మీదకు రావచ్చు. ముక్కుపుడక పెట్టాలంటే మాటల్లో చెప్పాలి, అది ఏ పక్కన వస్తుందో మోడల్ ఇష్టం. పంటి వరుస, చెవి తమ్మె ఆకారం, ఒక కనుబొమ రెండోదానికన్నా కాస్త పైకి ఉండటం లాంటి, ఇంట్లోవాళ్లు మాత్రమే గమనించే సంగతులు జారిపోతాయి. ముఖపు సంకేతాలకు ఎంత బరువు ఇవ్వాలో చెప్పే అంకె ఒకటుంది. దాన్ని పెంచితే పోలిక గట్టిపడుతుంది గానీ ముఖం బిగుసుకుపోయి, నవ్వమన్నా నవ్వదు. తగ్గిస్తే నవ్వుతుంది, కానీ చెల్లెలో పినతల్లి కూతురో అనిపిస్తుంది. ఊరివాళ్లను నమ్మించగల బొమ్మను కన్నతల్లి చూసిన వెంటనే కాదనగలదు.

ఇక్కడొక తప్పు చాలామంది చేస్తారు. అనుమానం వచ్చిన బొమ్మను ముఖాలు పోల్చే సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చి, అసలు ఫొటోతో ఎంత కలిసిందో చూసి, బాగా కలిసింది కాబట్టి నిజమే అనుకోవడం. ఆ సాఫ్ట్‌వేర్ కొలిచేది ఇలాంటి అంకెలనే. బొమ్మ పుట్టిందే వాటిని మెప్పించడానికి. ప్రశ్నపత్రం ముందే చేతికొచ్చిన విద్యార్థి మార్కులు చూసి వాడి చదువును అంచనా వేయడమే ఇది. నిజం తేలేది ఆ అంకెలు పట్టించుకోని చోట: పుట్టుమచ్చ, చెవి, పళ్లు.

పట్టుకునే పరిశోధన కూడా ఈ తేడా దగ్గరే రెండుగా చీలింది. 2020లో మైక్రోసాఫ్ట్ ఆసియా పరిశోధకులు ఫేస్ ఎక్స్‌రే అనే పద్ధతిని ప్రకటించారు. ముఖం ఎవరిదని అది అడగదు. బ్లెండింగ్ జరిగిన పట్టీ ఎక్కడుందని వెతుకుతుంది. ప్రతి కెమెరా, ప్రతి కుదింపు బొమ్మ మీద తనదైన సన్నని గరుకుదనం వదులుతుంది. రెండు చోట్ల నుంచి వచ్చిన భాగాలు కలిసిన చోట ఆ గరుకుదనం మారుతుంది, కంటికి తెలియకపోయినా లెక్కకు తెలుస్తుంది. ఏ ప్రోగ్రాంతో మార్చారో తెలియకపోయినా పనిచేయడం దాని బలం. దాని పరిమితులను కూడా ఆ పరిశోధకులే చెప్పారు: బొమ్మ నాణ్యత బాగా తగ్గితే తడబడుతుంది, మొత్తం బొమ్మ కొత్తగా పుట్టించినదైతే పనికిరాదు. మొదటి పరిమితి మనకు రోజూ తగిలేదే. వాట్సాప్‌లో నాలుగు చేతులు మారేసరికి వీడియో మీది ఆ గరుకుదనం చాలావరకు చెరిగిపోతుంది. రెండోది డిఫ్యూజన్ బొమ్మలన్నిటికీ వర్తిస్తుంది.

డిఫ్యూజన్ బొమ్మను పట్టాలంటే ముఖం వదిలేసి చుట్టూ చూడాలి. రెండు చెవుల జూకాలు ఒకే జతవేనా, గాజులు చేతి వెనక నుంచి చుట్టి వస్తున్నాయా, గుంపులో వెనకున్నవాళ్ల ముఖాలు ముఖాల్లాగే ఉన్నాయా. మనకు ఇంకో అనుకూలం ఉంది. ఈ పద్ధతులు ఎక్కువగా నడిచే ఎస్‌డీ‌ఎక్స్ఎల్ లాంటి మోడళ్లకు తెలుగు అక్షరాలు రాయడం రాదు. వెనక దుకాణం బోర్డు మీద గుండ్రటి గీతలుంటాయి, గుణింతం మాత్రం ఉండదు. కొత్త మోడళ్లు అక్షరాలు నేర్చుకుంటున్నాయి కాబట్టి ఈ అనుకూలం ఎన్నాళ్లుంటుందో చెప్పలేను. బొమ్మ మూలఫైలే దొరికితే మరీ మంచిది. ఇలాంటి కొన్ని ప్రోగ్రాములు, రాసిన మాటలనూ వాడిన మోడల్ పేరునూ పీఎన్‌జీ ఫైలు లోపలే భద్రపరుస్తాయి. స్క్రీన్‌షాట్ తీసినా, వాట్సాప్‌లో ఫొటోగా పంపినా ఆ సమాచారం పోతుంది.

రెండింటినీ కలిపేవాళ్లు కూడా ఉన్నారు. డిఫ్యూజన్‌తో బొమ్మ గీయించి, పోలిక తక్కువైందని దాని ముఖం మీద ముఖమార్పిడి నడుపుతారు. స్టేబుల్ డిఫ్యూజన్‌లో ఈ పనికి రియాక్టర్ అనే జోడింపు బాగా వాడుకలో ఉంది, అది నడిపేదీ మళ్లీ inswapper_128నే. అలాంటి బొమ్మలో అతుకు దొరుకుతుంది. అతుకు దొరికింది కాబట్టి ఎక్కడో అసలు ఫొటో ఉండే ఉంటుందని వెతికితే మాత్రం దొరకదు.

బాధితులకు ఈ తేడా ఎక్కడ పనికొస్తుందంటే, సాక్ష్యం దగ్గర. ముఖమార్పిడి వీడియో అయితే అసలు వీడియో ప్రపంచంలో ఎక్కడో ఉంటుంది. దానిలోంచి, ముఖం తక్కువగా కనిపించే రెండు మూడు ఫ్రేములు స్క్రీన్‌షాట్ తీసి బొమ్మలతో వెతికే సెర్చిలో పెడితే బయటపడే అవకాశం ఉంది. ముఖం ఉన్న ఫ్రేములు పెడితే సెర్చి ఆ ప్రముఖుల వెంటే పోతుంది. అసలూ నకిలీ పక్కపక్కన పెట్టగలిగాక వాదనే అక్కర్లేదు. లిఫ్టు వీడియో విషయంలో జరిగింది అదే. డిఫ్యూజన్ బొమ్మకు అలాంటి అసలు ఉండదు కాబట్టి, ‘నేను ఆ రోజు అక్కడ లేను’ అన్నదాన్నీ, బొమ్మలో కనిపించని పుట్టుమచ్చనూ, చెవి ఆకారాన్నీ సాక్ష్యంగా చూపాల్సి వస్తుంది. దానికి అదే కాలానికి చెందిన, ముఖం రెండు పక్కలా స్పష్టంగా కనిపించే మీ సొంత ఫొటోలు కావాలి. కుదించని మూలఫైళ్లుగా ఉంటే ఇంకా మంచిది.

మీకో మీ ఇంట్లోవాళ్లకో ఇలాంటిది ఎదురైతే దాన్ని ‘ఇది నేను కాదు’ అంటూ ముందుకు పంపకండి. ఆ లింకు, పెట్టిన ఖాతా పేరు, తేదీ, సమయం కనిపించేట్టు స్క్రీన్‌షాట్ తీసుకోండి. వీడియో అయితే స్క్రీన్ రికార్డు చేయడం కాకుండా దొరికినంత మంచి నాణ్యతలో ఫైలునే దించి పెట్టుకోండి. ఆ తర్వాత cybercrime.gov.in లో గానీ, 1930కి ఫోన్ చేసి గానీ ఫిర్యాదు చేయండి. ఫిర్యాదులో ‘డీప్‌ఫేక్’ అని వదిలేయకుండా, నిజమైన వీడియో మీద ముఖం మార్చారా, మొత్తం బొమ్మే కొత్తగా పుట్టించారా, మీకు ఏది అనిపిస్తోందో, ఎందుకనిపిస్తోందో రెండు వాక్యాలు రాయండి. దర్యాప్తు చేసేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలో దాన్నిబట్టే ఉంటుంది.